పెద్దవాళ్లతో ప్రయాణం: హోటలా, హోమ్‌స్టేనా?

ఇంటిల్లిపాదీ కలిసి కూర్గ్ వెళ్లినా అందరూ చూసేది ఒకే కూర్గ్ కాదు. అబ్బీ జలపాతం చూడాలంటే మెట్లు దిగాలి, అవే మెట్లు మళ్లీ ఎక్కాలి. తలకావేరిలో గుడికే మెట్లున్నాయి, ఆ పైన బ్రహ్మగిరి శిఖరానికి ఇంకా చాలా ఎక్కాలి. పిల్లలకు అది సరదా. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యకు, షుగర్ ఉన్న నాన్నమ్మకు మాత్రం అది అయ్యే పని కాదు. ఒక సాయంత్రం మడికేరిలోని రాజా సీట్ తోటలో కూర్చుంటారు. దారిలో బైలకుప్పెలోని బౌద్ధ ఆలయం నేల మీదే ఉంటుంది కాబట్టి చూస్తారు. మిగతా సమయమంతా గడిచేది బసలోనే. రాత్రి నిద్ర, పొద్దుటి స్నానం, మధ్యాహ్నం నడుం వాల్చడం అన్నీ కలిపితే రోజులో పద్ధెనిమిది, ఇరవై గంటలు వాళ్లు ఆ నాలుగు గోడల మధ్యే ఉంటారు.

అందుకే పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు బస ఎంపికను ‘రాత్రి పడుకోవడానికి ఏదో ఒకటి’ అన్నట్టు చూడకూడదు. వాళ్ల యాత్రలో ఎక్కువ భాగం ఆ బసే. హోటలా, హోమ్‌స్టేనా అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడి నుంచే వెతకాలి. ఈ వ్యాసంలో కూర్గ్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. హైదరాబాద్, విజయవాడల నుంచి మన కుటుంబాలు వెళ్లే చోటు అది. పైగా మడికేరి పట్టణంలో హోటళ్లు, చుట్టూ ఉన్న కాఫీ తోటల్లో హోమ్‌స్టేలు పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి రెంటినీ పోల్చి చూడటం తేలిక.

రెంటికీ ఉన్న అసలు తేడా

హోమ్‌స్టే అంటే యజమాని కుటుంబం ఉంటున్న ఇంట్లోనే, లేదా అదే ఆవరణలో, మనకు గదులివ్వడం. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం ఇలాంటి ఇంటికి గుర్తింపు రావాలంటే యజమాని అక్కడే నివసించాలి. అతిథులకిచ్చే గదులు ఆరుకు మించకూడదు. ఇప్పుడు తోటలో నాలుగు కాటేజీలు కట్టి, ఒక పనివాడిని పెట్టి, యజమాని బెంగళూరులో ఉండే చోట్లను కూడా హోమ్‌స్టే అనే పిలుస్తున్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. పథ్యం వంట, వేళకు కాఫీ, రాత్రి తలుపు కొడితే పలికే మనిషి – హోమ్‌స్టేలో బాగుంటాయని చెప్పుకునేవన్నీ యజమాని ఇంట్లో ఉంటేనే దొరుకుతాయి. కాబట్టి ఫోన్‌లో ముందుగా అడగాల్సింది ‘రాత్రిపూట మీరు అక్కడే ఉంటారా?’ అని.

హోటల్లో మనకు దొరికేది మనిషి కాదు, ఏర్పాటు. లిఫ్టు, రాత్రంతా మెలకువగా ఉండే రిసెప్షన్, జనరేటర్, పక్కనే మందుల షాపు ఉంటాయి. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా ఇవి దొరుకుతాయి. అదే సమయంలో ఒక మనిషి అవసరాన్ని బట్టి అవి మారవు కూడా.

స్నానాల గది దగ్గరే అసలు పరీక్ష

పెద్దవాళ్ల సౌకర్యం గురించి మాట్లాడేటప్పుడు మంచం, పరుపు, కిటికీలోంచి కనిపించే కొండలు గుర్తొస్తాయి. అసలు ఇబ్బంది వచ్చేది స్నానాల గదిలో. ఇంట్లో తాతయ్య ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, బకెట్లో నీళ్లు తొలుపుకుని, చెంబుతో పోసుకుంటారు. కొత్త హోటళ్లలో చాలాచోట్ల బకెట్ కనిపించదు. అద్దాల గదిలో షవర్ ఉంటుంది, దాని గడప జానెడు ఎత్తుంటుంది, కింద నున్నటి పాలరాయి. ఒంటికాలి మీద నిలబడి ఆ గడప దాటడమే ఒక గండం. పాత హోటళ్లలో బాత్‌టబ్ ఉంటే అందులో దిగడం ఇంకా ప్రమాదం. దీనికి ఉపాయం ఉంది. గదిలో అడుగుపెట్టగానే హౌస్‌కీపింగ్‌కు ఫోన్ చేసి బకెట్, మగ్గు, స్టూలు, కాళ్ల కింద వేసుకోవడానికి రబ్బరు పట్టా కావాలని అడగండి. చాలా హోటళ్లలో ఇవి ఉంటాయి, అడిగితే తెచ్చిస్తారు.

ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. స్టార్ గుర్తింపు ఉన్న హోటల్లో వికలాంగులకు అనువైన గది కనీసం ఒకటి ఉండాలని పర్యాటక శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గదికి తలుపు వెడల్పుగా ఉంటుంది. బాగా అమర్చిన చోట కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ‘మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఆ గది ఖాళీగా ఉందా’ అని అడగవచ్చు.

హోమ్‌స్టేలో బకెట్, స్టూలు అడగకుండానే ఉంటాయి. అక్కడి సమస్యలు వేరు. కూర్గ్‌లో పాత ఇళ్లు ఎత్తయిన అరుగు మీద కడతారు. వాకిట్లోంచి వరండాలోకి రాతి మెట్లు ఉంటాయి. ఒక మెట్టు ఎత్తు ఇంకో మెట్టుకు ఉండదు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. వానాకాలంలో వాటి మీద పాచి పడుతుంది. కొన్ని ఇళ్లలో మరుగుదొడ్డి గదికి ఆనుకుని ఉండదు, వరండా చివరికి నడవాలి. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి చలిలో ఆ నడక చాలా కష్టం. వేడినీళ్లు కొన్నిచోట్ల కట్టెల పొయ్యి మీద పెద్ద కాగులో కాగుతాయి, కొన్నిచోట్ల సోలార్ హీటర్ నుంచి వస్తాయి. సోలారైతే రెండు రోజులు మబ్బు పట్టాక పొద్దున్నే వచ్చేవి గోరువెచ్చటి నీళ్లే. వానలకు కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి కానీ గీజర్ నడవదు.

ఇవన్నీ ఫొటోల్లో కనిపించవు. అందుకే బయానా కట్టకముందే యజమానిని వీడియో కాల్ చేయమనండి. కారు ఆగే చోటు నుంచి మొదలుపెట్టి, మెట్లు ఎక్కి, గదిలోకి వచ్చి, మంచం పక్కనుంచి మరుగుదొడ్డి దాకా నడుస్తూ చూపించమని అడగండి. మొత్తం ఐదు నిమిషాల పని. కారు ఎక్కడ ఆగుతుందో, ఎన్ని మెట్లున్నాయో, కమోడ్ ఉందో లేదో, దారిలో గడపలెన్నో అంతా కళ్లముందే తేలిపోతుంది. కొన్ని తోటల్లోకి చివరి కిలోమీటరు మట్టిరోడ్డు మీద జీపులోనే వెళ్లాలి. నడుం నొప్పి ఉన్నవారికి ఆ కుదుపు పడదు కాబట్టి అదీ అడిగి తెలుసుకోవాలి. ఇలా చూపించడానికి యజమాని వెనకాడితే ఆ ఇంటిని వదిలేయడమే మంచిది.

భోజనం: హోమ్‌స్టే ముందుండే చోటు

తిండి విషయంలో మంచి హోమ్‌స్టేకు హోటల్ సాటిరాదు. దానికి కారణం రుచి ఒక్కటే కాదు, వంటచేసే మనిషితో నేరుగా మాట్లాడగలగడం. ‘అమ్మకు కారం తగ్గించండి, ఉప్పు తక్కువ వేయండి, నాన్నగారికి అన్నం కాస్త మెత్తగా వండండి’ అని వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పవచ్చు. హోటల్లో ఆ మాట వెయిటర్ ద్వారా వంటగదికి వెళుతుంది. కూరలకు గ్రేవీ పొద్దున్నే కలిపి పెట్టుకుంటారు కాబట్టి, కారం తగ్గించమంటే పైన కాస్త క్రీమ్ పోసి తెస్తారు. ఉప్పు, నూనె మాత్రం తగ్గవు.

కూర్గ్ వంటల్లో పెద్దవాళ్లకు నప్పేవి చాలా ఉన్నాయి. కడంబుట్టు అంటే బియ్యపు రవ్వను ఉడికించి ఉండలు చేసి ఆవిరి పట్టేది. నూపుట్టు బియ్యప్పిండితో చేసే సన్నటి ఇడియాప్పం. పాపుట్టు బియ్యపు రవ్వ, పాలు, కొబ్బరి కలిపి ఆవిరి మీద ఉడికించేది. మూడింటికీ నూనె దాదాపు అక్కర్లేదు, పళ్లు లేనివారూ తినగలరు. షుగర్ ఉన్నవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఇవన్నీ బియ్యమే. మూడు పూటలా ఇవే తింటే షుగర్ పెరుగుతుంది. రాత్రికి రెండు పుల్కాలు, ఒక కూర, ఒక గిన్నె పప్పు చేయమని ముందే చెప్పుకోవాలి. కూర్గ్‌లో పంది మాంసం కూర పేరున్న వంట. ఇంట్లో అది తిననివాళ్లు, లేదా పూర్తి శాకాహారులు ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. కొందరు పెద్దవాళ్లు వేరే గిన్నెల్లో వండారా అని కూడా చూస్తారు. అలాంటి పట్టింపు ఉంటే శాకాహారమే వండే ఇంటిని వెతుక్కోవడం ఇద్దరికీ మంచిది.

హోమ్‌స్టే భోజనానికి కొన్ని హద్దులున్నాయి. బజారు పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి రాత్రికి ఏం కావాలో మధ్యాహ్నంలోపే చెప్పాలి. మెనూ ఉండదు, వండినదే తినాలి. భోజనం ఎనిమిదికో, ఎనిమిదిన్నరకో. ఏడింటికే తిని పడుకునే పెద్దవాళ్లుంటే ఆ సంగతి మొదటి రోజే మాట్లాడుకుంటే చాలామంది సర్దుకుంటారు.

ఇక్కడ షుగర్ మందుల గురించి ఒక మాట. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ ఉంటే, ‘ఎనిమిదింటికి పెడతామన్నారు కదా’ అని గడియారం చూసి వేయకండి. వంట పూర్తయిందని తెలిశాకే, డాక్టరు చెప్పిన వ్యవధి లెక్కేసుకుని వేయాలి. కరెంటు పోయి వంట ముప్పావుగంట ఆలస్యమైతే చెమటలు, వణుకు, తికమకతో షుగర్ పడిపోతుంది. హోటల్లోనూ ఇదే ప్రమాదం ఉంది. సీజన్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు రెస్టారెంట్ కిటకిటలాడుతుంటే ఆర్డరు రావడానికి అంతే సమయం పడుతుంది.

ఇన్సులిన్ దాచే దగ్గరా తేడా ఉంది. హోటల్ గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. చాలాచోట్ల తలుపు పక్కన గూట్లో పెట్టిన కార్డు తీస్తే గదిలో కరెంటు మొత్తం ఆగిపోతుంది, కొన్ని హోటళ్లలో దానితోపాటు ఫ్రిజ్ కూడా. బయటికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ పనిచేస్తూనే ఉంటుందా అని రిసెప్షన్‌లో అడిగి, అవసరమైతే రెండో కార్డు తీసుకోండి. హోమ్‌స్టేలో వంటింటి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పేరు రాసిన డబ్బాలో వేసి తలుపు అరలో పెట్టమనండి. పైన ఐస్ పెట్టెకు ఆనుకుని ఉంటే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

హోటల్‌కు మేలు చేకూరే సందర్భమూ ఉంది. ఒకరికి ఇడ్లీ, ఒకరికి బ్రెడ్డు, పిల్లలకు నూడుల్స్ కావాలన్నప్పుడు, లేదా పెద్దవాళ్లు కొత్త తిండి ముట్టకుండా పెరుగన్నమే కావాలన్నప్పుడు హోటలే నయం. బఫే టిఫిన్ దగ్గర మాత్రం పెద్దవాళ్లను పళ్లెం పట్టుకుని వరుసలో నిలబెట్టకండి. ఒకచోట కూర్చోబెట్టి ఇంకొకరు వడ్డించుకుని రావాలి. తెల్లవారుజామున ఐదింటికి లేచి కాఫీ కోసం చూసేవారికి హోటల్ గదిలో కెటిల్, పాలపొడి పొట్లం తప్ప దారి లేదు. హోమ్‌స్టేలోనూ అంత పొద్దున్నే వంటిల్లు తెరవరు. ముందురోజు రాత్రే ఫ్లాస్కులో వేడినీళ్లు అడిగి పెట్టుకుంటే రెండు చోట్లా సరిపోతుంది.

ఖర్చు: ఒక కుటుంబం లెక్క

తాతయ్య, నాన్నమ్మ, కొడుకు, కోడలు, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి. మొత్తం ఆరుగురు, మడికేరి ప్రాంతంలో మూడు రాత్రులు. ఇక్కడ వేసిన ధరలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. సీజన్‌ను బట్టి అవి మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

హోటల్లో టిఫిన్‌తో కలిపి గది 4,000 రూపాయలు అనుకుందాం. రెండు గదులు, అదనపు మంచానికి వెయ్యి, రోజుకు 9,000. గది అద్దె రోజుకు 7,500 దాటకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. దాంతో మూడు రాత్రులకు 28,350. రాత్రి భోజనాలు ఆరుగురికి రోజుకు 2,100 చొప్పున 6,300. రోజూ కాఫీ, టీ, చిరుతిళ్లు 500 చొప్పున 1,500. రెండు మధ్యాహ్నాలు పెద్దవాళ్లిద్దరూ గదిలోనే తెప్పించుకుని తింటే 1,400. అంతా కలిపి 37,550.

కూర్గ్ హోమ్‌స్టేల్లో చాలామంది గదికి కాకుండా మనిషికి ఇంత అని తీసుకుంటారు. టిఫిన్, రాత్రి భోజనం, కాఫీ అందులోనే. పెద్దలకు 2,000, పిల్లలకు అందులో సగం అనుకుంటే రోజుకు 10,000, మూడు రాత్రులకు 30,000. పెద్దవాళ్లకు రెండు మధ్యాహ్నాల భోజనం 1,000. తోట ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటే రోజూ వెళ్లిరావడానికి ముప్పై కిలోమీటర్లు అదనం. కిలోమీటరుకు 18 రూపాయల చొప్పున మూడు రోజులకు 1,620. మొత్తం 32,620.

హోమ్‌స్టే దాదాపు ఐదు వేలు చవకగా కనిపిస్తోంది. పిల్లలకు కూడా పూర్తి ధరే అంటే అదే లెక్క 38,620కి చేరి, హోటల్‌ను వెయ్యి రూపాయలు దాటుతుంది. అంటే హోమ్‌స్టే చవకా కాదా అన్నది తేల్చేది పిల్లల రేటు. ఏ వయసు దాకా ఉచితం, ఏ వయసు దాకా సగం అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. యజమానికి నేరుగా డబ్బు కడితే ఆయనకు జీఎస్టీ నమోదు లేని పక్షంలో పన్ను ఉండదు. అదే ఇంటిని యాప్‌లో బుక్ చేస్తే పన్ను కలుస్తుంది. మొత్తం మీద తేడా నాలుగైదు వేలే అయినప్పుడు, పెద్దవాళ్లతో వెళ్లే ప్రయాణంలో ఖర్చును చివరి కొలమానంగానే చూడాలి. స్నానాల గదిలో ఒక్కసారి జారిపడితే అయ్యే ఖర్చు ముందు ఈ తేడా లెక్కలోకి రాదు.

పగలు ఎలా గడుస్తుంది, రాత్రి అవసరమొస్తే ఎలా

కుటుంబమంతా జలపాతానికి వెళ్లిన పూట పెద్దవాళ్లు ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించాలి. హోటల్లో వాళ్లకు ఉన్నది మంచం, టీవీ, ఏసీ గది. తోటలోని ఇంట్లో వరండాలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా కాఫీ చెట్లు, నీడనిచ్చే చెట్లకు పాకిన మిరియాల తీగలు కనిపిస్తాయి. డిసెంబరులో వెళితే అరబికా పళ్లు కోసే పని నడుస్తుంటుంది. వ్యవసాయం చేసిన చేతులకు అది చూస్తూ కూర్చోవడం చాలు. యజమాని ఇంట్లో పెద్దవాళ్లుంటే మాటలూ కలుస్తాయి. అక్కడ కొడవ, కన్నడం మాట్లాడతారు, హిందీ, ఇంగ్లిష్ వచ్చినవాళ్లూ ఉంటారు. మీ వాళ్లకు తెలుగొక్కటే వస్తే ఇంట్లో ఒకరు తోడుండాలి.

రాత్రిపూట ఈ తూకం తారుమారవుతుంది. గుండెల్లో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా మడికేరి పట్టణంలో జిల్లా ఆసుపత్రి నిమిషాల్లో చేరవచ్చు. తోటలోంచి పొగమంచులో, మలుపుల రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు రావాలంటే అరగంట పైమాటే. పెద్ద చికిత్సకు మైసూరు వెళ్లాలంటే దాదాపు 120 కిలోమీటర్లు. ఇటీవల స్టెంట్ వేయించుకున్నవారు, ఆస్తమా తరచూ తిరగబెట్టేవారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు ఉంటే ఊళ్లోనే హోటల్ తీసుకోండి. తోటకు వెళ్లినా కారు, డ్రైవరు రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. డ్రైవరుకు పడుకునే చోటుందా అని కూడా బుకింగ్‌లోనే అడగాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కూర్గ్‌లో వానలు ఉధృతంగా ఉంటాయి. 2018 ఆగస్టులో కొండచరియలు విరిగిపడి రోడ్లు తెగిపోయాయి. ఆ నెలల్లో పెద్దవాళ్లను లోపలి తోటలకు తీసుకెళ్లకపోవడమే మంచిది.

ఈ కుటుంబం ఏం చేయాలి?

పైన చెప్పిన ఆరుగురూ రెంటినీ వాడుకోవాలి. హైదరాబాద్ నుంచి రాత్రంతా రైల్లో వచ్చి మైసూరులో దిగాక, అదే రోజు మూడు గంటల ఘాట్ ప్రయాణం పెద్దవాళ్లకు భారం. మొదటి రాత్రి మైసూరులో లిఫ్టు ఉన్న హోటల్ తీసుకోవాలి. ఒక్క రాత్రికి పథ్యం వంట, వరండా అవసరం లేదు. కావాల్సింది వేడినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, రాగానే గది. హోటళ్లలో చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో కాబట్టి, పొద్దున్నే దిగేవాళ్లు ముందస్తు చెకిన్ దొరుకుతుందా అని అడగాలి. మర్నాడు టిఫిన్ తిని, దారిలో బైలకుప్పెలో ఆగి, సాయంత్రానికి హోమ్‌స్టే చేరితే అక్కడ మూడు రాత్రులు ఉండవచ్చు. హోమ్‌స్టే మేలు తెలియడానికి రెండు రోజులైనా పడుతుంది. మొదటి రోజు మీరు చెప్పిన ఉప్పూకారం వంటావిడకు రెండో రోజుకు గానీ పట్టుబడదు.

ఇదే పద్ధతి ఎక్కడికైనా పనికొస్తుంది. తిరుపతి, శ్రీశైలం లాంటి చోట్ల ఒకటి రెండు రాత్రులే ఉంటాం, పగలంతా దర్శనంలో గడుస్తుంది. అక్కడ గుడికి దగ్గరగా, లిఫ్టు ఉన్న హోటలో, సత్రమో చూసుకోవాలి. అరకు, కూర్గ్, చిక్కమగళూరు లాంటి చోట్ల మూడు రాత్రులు పైగా ఉండి, పెద్దవాళ్లు పగలు బసలోనే ఉండేట్టయితే హోమ్‌స్టే మేలు. అయితే మూడు షరతులు తీరాలి. యజమాని అక్కడే ఉండాలి. గదికి ఆనుకుని కమోడ్ ఉన్న మరుగుదొడ్డి ఉండాలి. ఆసుపత్రి అరగంటలోపు చేరేలా ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా, తోట ఎంత అందంగా ఉన్నా సరే, ఆసారికి హోటలే తీసుకోండి. పిల్లలను ఒక పూట తోట చూడటానికి తీసుకెళ్లి రావచ్చు, పెద్దవాళ్లు మాత్రం రాత్రి భద్రంగా పడుకోవాలి.